మినుము, నిమ్మ, గొర్రెలు: ముప్పును లెక్కగట్టే మాత్రిక

ఉదయగిరి మెట్టలో వానను నమ్ముకుని మినుము వేసి, బోరు కింద కొంత నిమ్మతోట పెట్టుకుని, వాటితోపాటు గొర్రెల్ని కూడా మేపుకునే కుటుంబాన్ని ఊహించుకుందాం. దాని డబ్బు మూడు చోట్ల ఉంది. ఆత్మకూరు వైపు సోమశిల నీళ్లు అందే పొలాల్లో లెక్క వేరు. ఇక్కడ ఈ మూడే ఆధారం. మూడు ఆధారాలుంటే ముప్పు తగ్గుతుందన్నది అందరూ అనే మాటే. ఎంత తగ్గుతుందన్నది మాత్రం ఆ మూడూ ఒకదానితో ఒకటి ఎలా కదులుతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సంబంధాన్ని పట్టుకునే లెక్కను 1940లోనే ఇటలీలో బ్రూనో దె ఫినెట్టి బీమా కంపెనీల కోసం రాశాడు. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ అలాంటి లెక్కనే విడిగా షేర్లకు రూపొందించాడు, 1990లో నోబెల్ అందుకున్నాడు. ఇది స్టాక్ మార్కెట్ పరికరమనే పేరు స్థిరపడిపోయింది గానీ, 1956లోనే రుడాల్ఫ్ ఫ్రాయిండ్ దీన్ని అమెరికాలోని నార్త్ కరోలినా పొలాల పంటల ఎంపికకు వాడాడు. కాబట్టి మెట్ట సేద్యం దీనికి పరాయిదేమీ కాదు.

ఏటా రాబడి తన సగటు చుట్టూ ఎంత ఊగుతుందో చెప్పేది విస్తృతి. రెండు రాబడులు కలిసి ఎంత ఊగుతాయో చెప్పేది సహవిస్తృతి. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మినుము రాబడి ఊగిసలాట 20 శాతం, నిమ్మది 30, గొర్రెలది 10. వీటి వర్గాలే విస్తృతులు: 400, 900, 100. వాన తప్పితే మినుమూ దెబ్బతింటుంది, బోరూ అడుగంటుతుంది కనుక మినుము, నిమ్మల సహవిస్తృతి 300. మామూలు ఏళ్లలో మినుముకూ గొర్రెలకూ కాస్త ఎదురు పొత్తు ఉందనుకుని -40, నిమ్మకూ గొర్రెలకూ 30. డబ్బులో 40 శాతం మినుములో, 20 నిమ్మలో, 40 గొర్రెల్లో పెట్టారు.

```
      400   300   -40
Σ  =  300   900    30
      -40    30   100

w  =  (0.4, 0.2, 0.4)
```

మొత్తం విస్తృతి `wᵀΣw`. ముందు మాత్రికలోని ఒక్కో వరుసను భారాలతో గుణించి కూడాలి. మినుము వరుస: 160 + 60 - 16 = 204. నిమ్మ వరుస: 120 + 180 + 12 = 312. గొర్రెల వరుస: -16 + 6 + 40 = 30. ఈ మూడింటినీ మళ్లీ అవే భారాలతో గుణిస్తే 81.6, 62.4, 12 వస్తాయి, మొత్తం 156. దాని వర్గమూలం సుమారు 12.5 శాతం. ఊగిసలాటలను భారాల ప్రకారం ఊరికే కూడితే 18 వచ్చేది. మూడూ పూర్తిగా ఒకే తాళానికి కదిలితేనే ఆ 18 నిజమవుతుంది. కానీ నేను ఎక్కువ విలువిచ్చేది ఈ తగ్గుదలకు కాదు, మధ్యలో వచ్చిన ఆ మూడు అంకెలకు. నిమ్మలో ఉన్నది డబ్బులో అయిదో వంతే. ముప్పులో మాత్రం 156లో 62.4, అంటే 40 శాతం. డబ్బులో 40 శాతం ఉన్న గొర్రెలు ముప్పుకు తెచ్చేది ఎనిమిది శాతం లోపే. డబ్బు ఎక్కడ ఎక్కువ పెట్టామో చూసి ముప్పు ఎక్కడుందో చెప్పేయడం ఎంత పొరపాటో ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది: ఈ అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయి? గడచిన ఏళ్ల రాబడుల నుంచే. సరిగ్గా మూడేళ్ల లెక్కలే చేతిలో ఉంటే మాత్రిక మోసం చేస్తుంది. సగటును తీసివేశాక రెండేళ్ల సమాచారమే మిగులుతుంది కాబట్టి, ముప్పు బొత్తిగా లేని ఏదో ఒక కలయిక కాగితం మీద తప్పకుండా కనిపిస్తుంది. దాన్ని గుర్తించడం తేలిక: మాత్రిక నిర్ధారకం సున్నా అవుతుంది. మన మాత్రికకది 2,44,80,000, కనుక ఆ చిక్కు లేదు. అంకెలు ఊహించుకున్నవే అయినా ఒకదానితో ఒకటి పొసగుతున్నాయి. వాటిని నమ్మాలంటే మాత్రం చాలా ఏళ్ల చిట్టా కావాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. సహవిస్తృతి స్థిరంగా ఉండదు. కరువు ముదిరినప్పుడు మేత దొరక్క అందరూ ఒకేసారి మందల్ని సంతకు తోలితే గొర్రెల ధర కూడా పడిపోతుంది. అప్పుడు -40 కాస్తా 120 అయ్యిందనీ, 30 కాస్తా 150 అయ్యిందనీ అనుకుందాం. వరుసల మొత్తాలు 268, 360, 118, విస్తృతి 226.4, ఊగిసలాట 15 శాతం. మందను అదే వాటాలో ఉంచినా, ముప్పులో గొర్రెల పాలు 12 నుంచి 47కు ఎగబాకింది. ఇందువల్ల ఈ పద్ధతి పనికిరాదనే వాదనతో నేను ఏకీభవించను. మామూలు ఏళ్లకు ఒక మాత్రిక, కరువుకు ఒక మాత్రిక రాసుకుని రెండింటితోనూ గుణించి చూడాలి. అలా చేస్తే ఏ గడి ముప్పు పెంచుతోందో బయటపడుతుంది. మందను తెగనమ్ముకోకుండా కరువు దాటించేంత మేత నిల్వ ఉంటే, అది వాటాలను మార్చదు, మినుముకూ గొర్రెలకూ మధ్య ఉన్న 120 గడిని తగ్గిస్తుంది. ఆ ఒక్క గడి సున్నాకు చేరితే విస్తృతి 38.4 తగ్గి 188 అవుతుంది, ఊగిసలాట 13.7 శాతానికి దిగుతుంది.