కింద పద్యం లేదు

‘ఈ కింది వేమన పద్యానికి తాత్పర్యం చెప్పగలరు’ అని ఒక సందేశం వస్తుంది. కింద పద్యం ఉండదు. పంపినవారు మాత్రం పంపామనే అనుకుంటారు. తెలుగు మాస్టార్లకు, పత్రికల్లో పాఠకుల ప్రశ్నలు చూసేవారికి ఇది కొత్త సంగతి కాదు. పంపినవారి మతిమరుపని తీసిపారేస్తారు కానీ, చాలాసార్లు పద్యం బయలుదేరే ఉంటుంది, దారిలో ఎక్కడో పోతుంది. ఎక్కడ పోయిందో తెలిస్తేనే దాన్ని తిరిగి రప్పించే వీలుంటుంది.

అన్నిటికన్నా మామూలు కారణం కాపీ చేయడంలో ఉంది. పాత పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు పేజీలకు తీసిన ఫొటోలు. కంటికి అక్షరాలే కనిపిస్తాయి, ఫైల్లో మాత్రం బొమ్మ తప్ప అక్షరం ఉండదు. వేలితో ఎంత నొక్కి పట్టినా కాపీ అయ్యేదేమీ లేదు. పద్యాన్ని సరిగ్గానే కాపీ చేసినా, సందేశంలో అతికించేలోపు ఇంకేదైనా, ఒక ఫోన్ నంబరో చిరునామానో, కాపీ చేస్తే మామూలుగా అతుక్కునేది ఆ రెండోదే.

ఎస్సెమ్మెస్ సంగతి వేరు. ఒక ఎస్సెమ్మెస్‌కు ఉన్న చోటు 140 బైట్లు. ఇంగ్లిషులో రాస్తే అందులో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో ఒక్కో గుర్తుకు రెండేసి బైట్లు కావాలి కనుక 70 గుర్తులే పడతాయి. గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం, ఫోనుకు ఆరు గుర్తులు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం. వేమన వాడిన ఆటవెలదిలో గణాల లెక్క ప్రకారం ఎంత తగ్గినా 44 అక్షరాలు ఉంటాయి. గుణింతాలు, ఒత్తులు, ఖాళీలు కలుపుకుంటే పద్యం ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టడం కష్టం. ఫోను దాన్ని ముక్కలు చేసి పంపుతుంది. ముక్కల వరస చెప్పే గుర్తుకు కొంత చోటు పోతుంది కనుక అప్పుడు ఒక్కో ముక్కలో 67 గుర్తులే. అందులో ఒక ముక్క చేరకపోతే కొన్ని ఫోన్లు వచ్చినంత మటుకే చూపిస్తాయి. వేమన పద్యానికి ఇందులో మరో చిక్కుంది. ఆఖరి పాదం మకుటం. చివరి ముక్క మాత్రమే చేరితే అందేది ఆ మకుటమే, అది దాదాపు అన్ని పద్యాలకూ ఒకటే. పద్యంలో నాలుగో వంతు చేతికొచ్చినా ఏ పద్యమో తెలియదు.

పద్యం చోట ఏమీ లేకపోవడం ఒకటి, ఏదో వింత కనిపించడం మరొకటి. ఆ వింత ఎలాంటిదో చూస్తే సంగతి తెలుస్తుంది. వరుసగా ప్రశ్నార్థకాలు (????) ఉంటే, తెలుగు తెలియని ఏదో సాఫ్ట్‌వేర్ ప్రతి గుర్తునూ చెరిపి అక్కడ ప్రశ్నార్థకం పెట్టిందని అర్థం. అందులో పద్యం ఇక లేదు, మళ్లీ పంపించుకోవాల్సిందే. ఖాళీ డబ్బాలు కనిపిస్తే భయం లేదు. అక్షరాలు క్షేమంగా ఉన్నాయి, చూపించే ఫాంటు ఆ ఫోన్లో లేదు, అంతే. అదే సందేశాన్ని వేరే ఫోనుకు పంపితే పద్యం కనిపిస్తుంది. ఇంగ్లిషు అక్షరాలూ వింత గుర్తులూ కలగాపులగంగా ఉంటే అది డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో టైపు చేసిన పాఠం కావచ్చు. ఆ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను కూర్చారు. ఫాంటు తోడు లేకుండా పాఠం ఒక్కటే వస్తే అడుగున ఉన్నది బయటపడుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, ఒకటి రెండు ఒత్తులు అటూ ఇటూ అయినా పద్యం తిరిగి వస్తుంది.

ఏమీ రానప్పుడు ఊహించి చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. వేమన విషయంలో ఆ పని కుదరదు. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన సంపుటంలోనే 693 పద్యాలున్నాయి, 1839 నాటికి అవి 1164 అయ్యాయి. తర్వాతి సంకలనాల్లో లెక్క వేలకు చేరింది. అందరికీ తెలిసిన పద్యమే అయి ఉంటుందని ఒకదానికి తాత్పర్యం రాసి పంపితే, అడిగిన పిల్లవాడు దాన్ని పరీక్షలో వేరే పద్యం కింద రాసే ప్రమాదముంది. ఖాళీ సందేశం కన్నా అది పెద్ద నష్టం.

అయితే పద్యం లేకపోయినా ప్రశ్నలో ఆనవాలు ఉండొచ్చు. ‘ఉప్పు, కర్పూరం గురించిన వేమన పద్యం’ అని అడిగితే చాలు, ఇక పద్యం అక్కర్లేదు. ఆ పోలిక తెలుగువారికి అంతగా పరిచయం. కానీ ఆనవాలు తప్పుదారి కూడా పట్టిస్తుంది. ‘సింహాసనం మీద కుక్కను కూర్చోబెట్టే వేమన పద్యానికి అర్థమేమిటి’ అని ఎవరో అడిగారనుకుందాం. వేమన సంపుటంలో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అది సుమతీ శతకంలోది. అడిగినవారికి బొమ్మ గుర్తుంది, కవి పేరు మారిపోయింది. నీతి పద్యం అనగానే వేమన పేరు పెట్టేయడం మనలో చాలామందికి అలవాటే. కనుక ఇలాంటి సందేశంలో కవి పేరు కన్నా పద్యంలోని వస్తువును నమ్మడం మేలు.

పద్యంలో ఒకటి రెండు పాదాలైనా దొరికితే ఛందస్సు సాక్ష్యం చెబుతుంది. సుమతీ శతకం కంద పద్యాల్లో ఉంది. కందంలో ఒకటి, మూడు పాదాలు పొట్టివి, రెండు, నాలుగు పొడుగువి: 12 మాత్రలు, 20 మాత్రలు, మళ్లీ 12, 20. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లుగా ఉండాలి, అదే ప్రాస. గుర్తున్న రెండు పాదాల్లో ఆ హల్లు కలవకపోతే, అవి రెండు వేర్వేరు పద్యాల ముక్కలైనా అయి ఉండాలి, మాట ఏదైనా మారి ఉండాలి. ఆటవెలదికి ఈ ప్రాస నియమం లేదు. అందుకే వేమన పద్యాన్ని జ్ఞాపకం మీద అతుకులేస్తే తప్పు పట్టుకోవడం కష్టం. అక్కడ యతి ఒక్కటే ఆసరా. పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి మైత్రి ఉందో లేదో చూడాలి. ఆ మైత్రి లేకపోయినా ప్రాసయతి చెల్లుతుంది కనుక తొందరపడి తప్పని తేల్చకూడదు.

సామెతలు పోయే తీరు వేరు. అందరికీ తెలుసులే అని అడిగేవారే సగం రాసి చుక్కలు పెడతారు. ‘అడుసు తొక్కనేల...’ అని వస్తే రెండో సగం కాలు కడగడమేనని ఎవరైనా చెబుతారు. ‘అత్త...’ అని వస్తే మాత్రం చిక్కే. కోపం దుత్త మీద చూపించే సామెతా అత్తతోనే మొదలవుతుంది, అల్లుడు దానం చేసే సామెతా అత్తతోనే మొదలవుతుంది. అకారాది క్రమంలో కూర్చిన సామెతల పుస్తకంలో వెతకాలంటే కనీసం రెండో మాట కావాలి.

ఇలాంటి సందేశానికి ‘పద్యం రాలేదు, మళ్లీ పంపండి’ అని జవాబిస్తే అవతలివారు మొదటిసారి చేసిన పనే మళ్లీ చేస్తారు, మళ్లీ ఖాళీగానే వస్తుంది. దారి మార్చమని చెప్పాలి. మొదటి పాదాన్ని చేత్తో టైపు చేయమనాలి, లేదా పుస్తకంలో ఆ పేజీని ఫొటో తీసి పంపమనాలి. ఫొటో వస్తే పాఠాంతరం ఏదో కూడా తేలుతుంది. బడి పుస్తకంలోని మాట, ఇంట్లో తాతగారు చదివే మాట ఒక్కటే కానక్కర్లేదు. ఏం కావాలో కూడా అప్పుడే అడగాలి. ప్రతిపదార్థం కావాలంటే పదాలు విడదీసి ఒక్కోదానికి అర్థం రాయాలి, తాత్పర్యమైతే రెండు మూడు వాక్యాలు చాలు.