వాచీ చెప్పిన వయసు

మా చిన్నోడు మొదటి జీతంతో నాకు చేతికి వాచీ కొనిచ్చిండు. వారం తర్వాత అందులో ‘ఫిట్‌నెస్ ఏజ్ 58’ అని వచ్చింది. నాకు 47 ఏళ్లే. ఇంట్లో అందరూ నవ్విండ్రు, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మా నాన్న 58కే పోయిండు.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెతికిన. వాచీ మన లోపలికి చూడదు. అడుగున ఉన్న పచ్చ లైటుతో నాడి లెక్కపెడుతుంది, అంతే. దానికి మనం రాసిచ్చిన వయసు, ఎత్తు, బరువు, వారంలో ఎన్ని నిమిషాలు ఆయాసపడ్డామన్నది కలిపి, ఇలాంటి ఒళ్లు మామూలుగా ఏ వయసు వాళ్లకుంటుందో అంచనా కడుతుంది. కొన్ని వాచీలు నడక వేగానికి నాడి ఎంత పెరిగిందో కూడా చూస్తాయి.

తప్పు మొదట్లోనే దొరికింది. నా బరువు 68 కిలోలైతే చిన్నోడు 86 అని కొట్టిండు! దిద్దితే అంకె 53కి దిగింది.

మిగిలింది నాడి. ఊరికే ఉన్నప్పుడు 78 చూపిస్తోంది. పట్టీ వదులుగా ఉంటే ఇది తప్పుతుంది. అందుకే లేవగానే, చాయ్ తాగకముందు, మణికట్టు మీద వేళ్లు పెట్టి అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేసిన. 76 వచ్చింది, అంటే వాచీ నిజమే చెప్తోంది. రాత్రి పాళీ వాళ్లు పగలు పడుకునేటప్పుడు కూడా వాచీ తీయొద్దు, నాడి బాగా నెమ్మదించేది నిద్రలోనే.

సాంచాల దగ్గర ఎనిమిది గంటలు తిరుగుతా కదా, అది చాలదా అనుకున్న. అడుగులు తొమ్మిది వేలు దాటినా నాడి 95 దాటట్లేదు, అందుకే వాచీ దాన్ని కష్టం కింద లెక్కెయ్యలేదు. వారానికి నాలుగు పొద్దులు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా అరగంట నడిచిన. రెండు నెలలకు నాడి 71, అంకె 49.

మా వదినకు 52 ఏళ్లు, ఆమె నడవదు, అయినా అదే వాచీ ఆమెకు 43 చూపింది. ఆమె వేసుకునే బీపీ మాత్ర గుండె వేగాన్ని తగ్గించే రకం. వాచీ దాన్నే పడుచుతనం అనుకుంది. అలాంటి మాత్ర వేసుకునేవాళ్లకు ఈ అంకెతో పని లేదు. అంకె బాగుందని మాత్ర ఆపొద్దు.

నా 49 చూసి మురిసిపోతుంటే వదినే దవాఖానకు పట్టుకపోయింది. రెండు వేర్వేరు రోజులు చూసిండ్రు, బీపీ 150 మీద 94 వచ్చింది. మా వాచీకి బీపీ తెలియదు, షుగర్ తెలియదు, పత్తి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల సంగతీ తెలియదు. నాకు గుండె దడ కూడా ఉంది కాబట్టి డాక్టర్ వదిన వేసుకునే రకం మాత్రే రాసిండు.

కొన్ని వారాలకు వాచీ 46 చూపింది. చిన్నోడు సంబరపడ్డడు. ఆ మూడేళ్లు తగ్గించింది మాత్ర రా బిడ్డా, నడక కాదు అని చెప్పిన.