సదస్సు సందడిలో అంతర్ముఖులు

అంతర్ముఖులు మాట్లాడలేనివారేమీ కాదు. కొత్తవారితో గంటల తరబడి మాట్లాడాల్సి వస్తే త్వరగా అలసిపోతారు, అంతే. అందుకే పెద్ద సదస్సుకు వెళ్లేముందు ఎవరిని కలవాలో, ఎలా సెలవు తీసుకోవాలో ముందే అనుకుని ఉండడం వారికి మేలు.

హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో జరిగే బయోఏషియాకు ఒక మందుల కంపెనీ ల్యాబ్ ఉద్యోగి వెళ్తున్నారనుకుందాం. ‘పరిచయాలు పెంచుకోవాలి’ అనే లక్ష్యం ఎప్పుడు పూర్తయిందో ఎవరికీ తెలియదు. ‘పది విజిటింగ్ కార్డులు తేవాలి’ అనుకుంటే ధ్యాసంతా కార్డుల మీదే ఉంటుంది. ‘మొదటి రోజు ముగ్గురిని తలా ఒక ప్రశ్న అడగాలి’ అనుకుంటే మాత్రం అది పూర్తిగా తన చేతిలోని పని. ప్రశ్న ఎంత సూటిగా ఉంటే అంత మంచిది. ప్యాకింగ్ సామగ్రి స్టాల్‌లో, ‘తేమకు త్వరగా పాడయ్యే మాత్రలకు అలూ-అలూ ప్యాక్ తప్పదా, పీవీడీసీ పూత సరిపోతుందా?’ అని అడిగితే చాలు, తర్వాత మాట్లాడే పని అవతలివారిదే. టీ విరామంలో స్టాళ్లు కిక్కిరిసి ఉంటాయి. ప్రసంగాలు నడుస్తున్నప్పుడు వెళ్తే తీరిగ్గా మాట్లాడొచ్చు. మూడో ప్రశ్న అయ్యాక ఓ మూల కూర్చున్నా తప్పులేదు.

అసలు చిక్కు మాట ముగించడంలో ఉంది. ఆడమ్ మాస్ట్రోయానీ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో 932 సంభాషణలను పరిశీలిస్తే, ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసినవి సుమారు 2 శాతమే. ఎప్పుడు ఆపాలనుందో ఎవరికి వారు మనసులోనే ఉంచుకోవడం దీనికి ఒక కారణం. కాబట్టి ఎదుటివారి ముఖం చూసి ఊహించే కంటే, గడువు మొదట్లోనే చెప్పడం నయం: ‘పదకొండున్నరకు ఒక ప్రసంగం వినాలండీ, పది నిమిషాలు మాట్లాడొచ్చా?’ అది నిజంగా వినాల్సిన ప్రసంగమే అయి ఉండాలి సుమా!

సమయమయ్యాక ఎదుటివారి మాట పూర్తి కానిచ్చి, విన్నదాంట్లో ఒకటి ప్రస్తావించి, తర్వాత చేయబోయేది చెప్పి కదలాలి. ‘పీవీడీసీ గురించి మీరు చెప్పింది మాకు పనికొస్తుందండీ. పరీక్షల వివరాల కోసం రేపు మెయిల్ పెడతాను. ఇక ఉంటాను.’ ఇలా చెప్పాక అక్కడే తచ్చాడితే మాట మళ్లీ మొదలవుతుంది. ‘ఇప్పుడే వస్తా’ అని తప్పించుకుంటే భోజనాల వరుసలో మళ్లీ ఎదురుపడక తప్పదు, అప్పుడు ఇద్దరికీ ఇబ్బందే.

సొంత కంపెనీ పెద్దలో, ముఖ్యమైన కస్టమరో పట్టుకుంటే ఈ పద్ధతి అంతగా సాగదు. అలాంటి రోజు మూడు ప్రశ్నలను రెండుకు తగ్గించుకోవాలి. బయటికి రాగానే ఏం మాట్లాడిందీ, ఏం పంపుతానన్నదీ కార్డు వెనక రాసుకుంటే, మర్నాటి మెయిల్‌కు వెతుకులాట ఉండదు.