మెటా ఎవరి చేతిలో ఉందో మొదటి పేజీలోనే తెలుస్తుంది

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మూడింటినీ నడిపేది అమెరికాకు చెందిన మెటా కంపెనీ. దానికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది, దానిమీద పెత్తనం ఎవరిది అన్న రెండు ప్రశ్నలకూ జవాబులు ఆ కంపెనీ స్వయంగా రాసి, సంతకం పెట్టి అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థకు ఇచ్చిన కాగితాల్లోనే ఉన్నాయి. `sec.gov` సైటులోని EDGAR విభాగంలో కంపెనీ పేరు కొడితే ఎవరైనా, ఎక్కడి నుంచైనా వాటిని ఉచితంగా చదవొచ్చు. అక్కడ కనిపించే జాబితాలో `10-K` అన్నదే వార్షిక నివేదిక. 2023 సంవత్సరానికి మెటా ఇచ్చిన నివేదికను తీసుకుందాం.

వంద పేజీలు దాటిన ఈ నివేదికను మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. `Item 1`లో కంపెనీ తన వ్యాపారమేమిటో మాటల్లో చెప్పుకుంటుంది. అది చదివాక నేరుగా ఆదాయం పట్టికకు వెళ్లడం మంచిది. మాటల్లో ప్రతి విభాగమూ ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది, దేని బరువెంతో చెప్పేది అంకెలే. పట్టికపైన `In millions` అని ఉంటుంది కాబట్టి, ఏ అంకెనైనా పదితో భాగిస్తే కోట్లలోకి వస్తుంది. మొత్తం ఆదాయం 134,902 అని ఉంది. అంటే సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందులో ప్రకటనల వాటా 131,948. నూటికి దాదాపు 98 అన్నమాట. కళ్లజోళ్లు, హెడ్‌సెట్లు తయారుచేసే రియాలిటీ ల్యాబ్స్ విభాగం 190 కోట్ల డాలర్ల అమ్మకాల మీద 1,600 కోట్లకు పైగా నష్టపోయింది. కంపెనీ పేరు మార్చుకున్నది ఆ కొత్త రంగం కోసమే అయినా దాన్ని పోషిస్తున్నది మాత్రం ప్రకటనల డబ్బే.

ప్రాంతాలవారీ ఆదాయం దగ్గర ఇంకొంచెం సేపు ఆగాలి. పట్టిక కింది సూచికల్లో చైనా పేరు కనిపిస్తుంది, దాంతోపాటు 1,300 కోట్ల డాలర్లకు మించిన ఆదాయం కూడా ఉంటుంది. చైనాలో ఫేస్‌బుక్ వాడటానికి లేదు కదా, మరి ఈ డబ్బెలా వచ్చిందన్న సందేహం రావడం సహజం. పట్టికతో పాటున్న వివరణ చూస్తే విషయం తెలుస్తుంది. ఆ లెక్క యాప్ వాడేవాళ్ల చిరునామాను బట్టి కాదు, ప్రకటనకు డబ్బు కట్టే వ్యాపారి చిరునామాను బట్టి వేసింది. బయటి దేశాల్లో సరుకు అమ్ముకునే చైనా వ్యాపారుల ప్రకటనలవి. ఇలాంటి చిన్న వివరణలను వదిలేస్తే పట్టిక మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

ఇక పెత్తనం ఎవరిదో చూద్దాం. మన కంపెనీల విషయంలో ప్రమోటర్ల వాటా ఎంతో మూడు నెలలకోసారి విడిగా ప్రకటిస్తారు. అమెరికా పత్రాల్లో అలాంటి శీర్షిక ఉండదు. `10-K`లో వాటాదారుల వివరాల కోసం `Item 12` తెరిస్తే, ఆ సమాచారం మరో పత్రంలో ఉందని రాసి వదిలేస్తారు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ నివేదిక మొదటి పేజీలోనే గట్టి ఆధారం ఒకటి ఉంది. 2024 జనవరి నాటికి క్లాస్-ఎ షేర్లు సుమారు 220 కోట్లు, క్లాస్-బి షేర్లు సుమారు 35 కోట్లు అని అక్కడ ఉంటుంది. క్లాస్-ఎ షేరుకు ఒక ఓటు, క్లాస్-బి షేరుకు పది. లెక్క వేస్తే క్లాస్-ఎ వైపు 220 కోట్ల ఓట్లు, క్లాస్-బి వైపు 350 కోట్ల ఓట్లు. షేర్ల సంఖ్యలో క్లాస్-బి సుమారు 14 శాతమే, ఓట్లలో మాత్రం 61 శాతం.

ఆ క్లాస్-బి షేర్లు ఎవరివో ఏటా వాటాదారుల సమావేశానికి ముందు వచ్చే `DEF 14A` పత్రం చెబుతుంది. దాదాపు అన్నీ మార్క్ జుకర్‌బర్గ్ చేతిలోనే ఉన్నాయి. కొన్ని ట్రస్టుల పేర్ల మీద ఉండటంతో పట్టిక కింది సూచికలు కూడా చదివితేనే లెక్క కుదురుతుంది. అదే పట్టికలో వాన్‌గార్డ్, బ్లాక్‌రాక్ పేర్లు చూసి వాళ్లూ యజమానులేననుకుంటే పొరపాటు. మ్యూచువల్ ఫండ్లలో జనం పెట్టిన డబ్బుతో కొన్న షేర్లవి. ఇంకో సంగతి, సంస్థాగత వాటాదారుల్లో 5 శాతం దాటినవాళ్లే ఈ పట్టికలోకి వస్తారు. అంతకు తక్కువ ఉన్నవాళ్ల సంగతి ఇందులో తెలియదు.

అమెరికాది కాని కంపెనీ అక్కడి మార్కెట్లో నమోదైతే సాధారణంగా `10-K` బదులు `20-F` ఇస్తుంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఏటా ఇచ్చేది అదే. అందులో వ్యాపార వివరాలు `Item 4`లో, పెద్ద వాటాదారుల వివరాలు `Item 7`లో ఉంటాయి. వాటాదారుల కోసం మరో పత్రం వెతుక్కోనక్కర్లేదు.