నీటితో పాటు నడిచే లెక్క

ఉదయం 6 గంటలకు ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర క్లోరిన్ మోతాదును లీటరుకు 0.5 మిల్లీగ్రాముల నుంచి 0.8కి పెంచారనుకుందాం. అక్కడి నుంచి 3 కిలోమీటర్ల పైపులైను చివర ఒక కుళాయి ఉంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పెంచిన మోతాదు ఆ కుళాయికి ఎప్పుడు చేరుతుంది? చేరేసరికి ఎంత మిగులుతుంది?

పైపులో క్లోరిన్ గాఢతను u అందాం. అది ట్యాంకు నుంచి ఉన్న దూరం x మీదా, కాలం t మీదా ఆధారపడుతుంది. నీటి వేగం c అన్నిచోట్లా ఒకటే. క్లోరిన్ దారిలో కొద్దికొద్దిగా కరిగిపోతుంది. ఆ తగ్గుదల రేటు k. అప్పుడు సమీకరణం ఇది:

u_t + c u_x = −k u

u_t అంటే ఒకేచోట నిలబడి చూస్తే కాలంతో వచ్చే మార్పు రేటు. u_x అంటే ఒకే క్షణంలో పైపు పొడవునా చూస్తే కనిపించే మార్పు రేటు. రెండు రకాల మార్పులు ఒకే సమీకరణంలో కలిసి ఉన్నాయి కాబట్టే దీన్ని పాక్షిక అవకలన సమీకరణం అంటారు, చిక్కూ అక్కడే.

ఇప్పుడు ఒకచోట నిలబడటం మానేసి నీటితో పాటే కదులుదాం. మన స్థానం x = x₀ + ct అవుతుంది. అలా కదిలే మనిషికి క్షణక్షణం కనిపించే మార్పు రేటు ఎంత? కాలం వల్ల వచ్చేది u_t, చోటు మారడం వల్ల వచ్చేది c u_x, మొత్తం u_t + c u_x. సమీకరణం ఎడమ వైపు ఉన్నది సరిగ్గా అదే! అంటే ఆ దారి వెంట సమీకరణం du/dt = −k u అనే మామూలు రూపానికి దిగుతుంది. ఇంటర్ చదివినవాళ్లెవరైనా దీన్ని సాధించగలరు: గాఢత e^(−kt) చొప్పున తగ్గుతుంది. x, t గీసిన పటంలో ఇలాంటి దారులన్నీ సమాంతర సరళరేఖలు. వీటినే లక్షణ రేఖలంటారు.

వేగం సెకనుకు 0.5 మీటర్లు, k గంటకు 0.3 అనుకొని లెక్క వేద్దాం. 7 గంటలకు, ట్యాంకు నుంచి 2 కిలోమీటర్ల చోట గాఢత కావాలి. గంటలో నీరు 1.8 కిలోమీటర్లు నడుస్తుంది. కాబట్టి ఇప్పుడు అక్కడున్న నీరు 6 గంటలకు ట్యాంకు నుంచి 200 మీటర్ల దగ్గర ఉంది. అప్పుడక్కడ గాఢత 0.48 అయితే, e^(−0.3) అంటే 0.74తో గుణించాలి. జవాబు సుమారు 0.36.

అదే చోట 7.30కి అడిగితే? గంటన్నరలో నీరు 2.7 కిలోమీటర్లు నడవాలి. వెనక్కి లెక్కిస్తే 6 గంటలకు అది పైపు మొదలుకు 700 మీటర్ల అవతల ఉందని వస్తుంది, కానీ అక్కడ పైపే లేదు. రేఖ వెంట వెనక్కి వెళ్తూ x = 0 దగ్గర ఆగాలి. 2 కిలోమీటర్లకు 66 నిమిషాల 40 సెకన్లు పడుతుంది కాబట్టి ఆ నీరు పైపులోకి వచ్చింది 6 గంటల 23 నిమిషాల 20 సెకన్లకు. అప్పటి మోతాదు 0.8, దారిలో తరిగి సుమారు 0.57 మిగులుతుంది.

చివరి కుళాయికి ప్రయాణం 100 నిమిషాలు. 7.40 దాకా అక్కడ వచ్చేది పాత నీరే. ఆ క్షణానికి గాఢత 0.30 దగ్గర నుంచి ఒక్కసారిగా 0.49కి ఎగబాకుతుంది.

ఏ సమాచారం అవసరమో కూడా ఈ రేఖలే చెబుతాయి. 6 గంటలకు పైపు పొడవునా గాఢత తెలియాలి, ఆ తర్వాత ట్యాంకు దగ్గర లోపలికొచ్చే గాఢత తెలియాలి. కుళాయి చివర గాఢత ఇంత ఉండాలని మనం విడిగా షరతు పెట్టకూడదు. అక్కడికి చేరే ప్రతి రేఖా వెనక నుంచి తన విలువను మోసుకొస్తుంది. మనం పెట్టిన విలువ దానితో పొసగకపోతే సమీకరణానికి సాధనే ఉండదు.

కంప్యూటర్‌తో చేసేటప్పుడు ఈ దిశను మరచిపోతే ఫలితం వెంటనే పట్టిస్తుంది. పైపును 100 మీటర్ల గడులుగా విడగొట్టి, u_xను ఎగువ గడికి బదులు దిగువ గడితో లెక్కిస్తే అంకెలు ఒకసారి పెద్దగా, ఒకసారి రుణంగా ఊగుతూ అడుగడుగుకూ పెరిగిపోతాయి. క్లోరిన్ గాఢత రుణం కావడమంటే లెక్క చెడిందనే. ఎగువ గడినే తీసుకున్నా, ఒక్కో కాలపు అడుగులో నీరు ఒక గడిని మించి నడవకూడదు. ఇక్కడ అడుగు 200 సెకన్లు దాటకూడదన్నమాట. 1928లో కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు చెప్పిన నియమం ఇదే. సరిగ్గా 200 సెకన్లు తీసుకుంటే 7.40 నాటి ఎగబాకుడు నిటారుగానే వస్తుంది. 100 సెకన్లు తీసుకుంటే లెక్క చెడదు గాని, ఆ నిటారు అంచు ఏటవాలుగా కరిగిపోతుంది. ఆ వాలు నీటిలో లేదు, లెక్కలోంచి పుట్టింది.

అసలు పైపులో కూడా కొంత వాలు ఉంటుంది. మధ్యలో నీరు కాస్త వేగంగా, గోడల దగ్గర నెమ్మదిగా కదిలి కలిసిపోతుంది. ప్రవాహం జోరుగా ఉన్న ప్రధాన పైపుల్లో ఈ కలయిక తక్కువే. నీరు దాదాపు నిలిచిపోయే సందు చివరి పైపుల్లో మాత్రం అది బాగా పెరుగుతుంది. 7.40కి మార్పు ఒక్కసారిగా కాక చాలాసేపు మెల్లగా కుళాయిలో కనిపిస్తుంటే, సమీకరణంలో కలయికకు ఇంకో పదం చేర్చాలి. అప్పుడు ఏ చోటి గాఢతా ఒక్క రేఖ మీదే ఆధారపడదు.