పెద్ద దత్తాంశంపై కనిష్ఠ వర్గాల గణన: పూర్ణ ప్రవణత పద్ధతి, యాదృచ్ఛిక ప్రవణత పద్ధతి – పామర్రు వరి మడి ఉదాహరణగా ఒక పోలిక

ఉపోద్ఘాతం

వరికి వేసిన నత్రజనికీ దిగుబడికీ గల సంబంధాన్ని ఒక సరళరేఖగా అంచనా వేయడానికి కనిష్ఠ వర్గాల పద్ధతిని వాడటం వ్యవసాయ పరిశోధనలో చిరకాలంగా ఉన్న ఆచారం. 1805లో లెజాండర్ ప్రచురించిన ఈ పద్ధతిలో, గమనించిన విలువకూ రేఖ చూపే విలువకూ మధ్య గల తేడాల వర్గాల మొత్తం అత్యల్పం కావాలి. ప్రయోగ క్షేత్రంలో ఇరవై, ముప్పై మళ్ళు ఉన్నంతవరకు ఈ లెక్కను చేతితోనే ముగించవచ్చు.

ఉపగ్రహ చిత్రాలు వచ్చాక దత్తాంశపు పరిమాణం మారిపోయింది. సెంటినెల్-2 ఉపగ్రహపు ముఖ్య పట్టీలలో ఒక్కొక్క చిత్రకణం నేలపై 10 మీటర్ల చదరం. అంటే ఒక హెక్టారుకు 100 చిత్రకణాలు. పామర్రు చుట్టుపక్కల 10,000 హెక్టార్ల వరి పొలాన్ని తీసుకుంటే పట్టికలో 10 లక్షల వరుసలు ఏర్పడతాయి. పిలకల దశలోని పట్టీల విలువల నుండి కంకి దశలోని వృక్ష సూచికను అంచనా వేయదలచినప్పుడు, ఈ పట్టికను ఎన్నిసార్లు చదవవలసి వస్తుందన్నదే గణన వ్యయాన్ని నిర్ణయిస్తుంది. ఇక్కడ రెండు మార్గాలున్నాయి. మొదటిది మొత్తం పట్టిక చదివాక గుణకాన్ని ఒకసారి సవరించే పూర్ణ ప్రవణత పద్ధతి. దీని మూలం 1847 నాటి కోషీ రచనలో ఉంది. రెండవది స్టొకాస్టిక్ గ్రేడియంట్ డిసెంట్ అని పిలిచే యాదృచ్ఛిక ప్రవణత పద్ధతి. ఇందులో ఒక్కొక్క వరుస చదివిన వెంటనే సవరణ జరుగుతుంది. దీనికి సైద్ధాంతిక పునాది 1951లో రాబిన్స్, మన్రో ప్రచురించిన వ్యాసం.

నాలుగు మళ్ళపై గణన

రెండు పద్ధతుల స్వభావం చిన్న ఉదాహరణలోనే స్పష్టమవుతుంది. పామర్రు నేలలో నాలుగు వరి మళ్ళను ఊహించుకుందాం. ఈ క్రింది సంఖ్యలు గణనను వివరించడానికి తీసుకున్నవే గాని ప్రయోగ ఫలితాలు కావు. సగటు నత్రజని మోతాదు హెక్టారుకు 90 కిలోలు, సగటు దిగుబడి 55 క్వింటాళ్ళు. సగటు నుండి మోతాదు విచలనాన్ని 10 కిలోల ప్రమాణంలో x గాను, దిగుబడి విచలనాన్ని క్వింటాళ్ళలో y గాను తీసుకోవాలి.

| నత్రజని (కి./హె.) | దిగుబడి (క్విం./హె.) | x | y |
|---|---|---|---|
| 60 | 53 | −3 | −2 |
| 80 | 53 | −1 | −2 |
| 100 | 56 | 1 | 1 |
| 120 | 58 | 3 | 3 |

xy లబ్ధాల మొత్తం 18, x వర్గాల మొత్తం 20. కనుక కచ్చితమైన ప్రతిగమన గుణకం b = 18/20 = 0.9. అంటే ప్రతి అదనపు 10 కిలోల నత్రజనికి 90 కిలోల ధాన్యం.

ఇదే సమాధానాన్ని పూర్ణ ప్రవణత పద్ధతితో వెదుకుదాం. b = 0 తో మొదలుపెట్టి, అడుగు నిడివి 0.1 గా తీసుకుంటే, ప్రతి చుట్టులో నాలుగు మళ్ళనూ చదివి సగటు సవరణను ఒకేసారి చేయాలి. మొదటి చుట్టు తరువాత b = 0.45, రెండవ చుట్టు తరువాత 0.675, మూడవ చుట్టు తరువాత 0.7875 అవుతుంది. ప్రతి చుట్టుకూ మిగిలిన దూరం సరిగ్గా సగమవుతుంది. నడక నిదానమే అయినా గమ్యం వైపు తప్పక సాగుతుంది.

యాదృచ్ఛిక పద్ధతిలో నాలుగు మళ్ళనూ కలగలిపి, ఒక్కొక్కటి చదివిన వెంటనే ఈ విధంగా సవరిస్తారు:

```python
for x, y in rows:
    b = b + 0.1 * x * (y - b * x)
```

మళ్ళు 100, 60, 120, 80 కిలోల వరుసలో వచ్చాయనుకుంటే b విలువలు క్రమంగా 0.10, 0.61, 0.96, 1.06 అవుతాయి. పట్టికను ఒకసారి చదవడం పూర్తయ్యేసరికి పూర్ణ పద్ధతి 0.45 దగ్గర ఉండగా, యాదృచ్ఛిక పద్ధతి 0.9 కి 0.16 దూరంలోకి వచ్చేసింది. రెండవ చుట్టులో మళ్ళు 60, 120, 100, 80 క్రమంలో వస్తే b విలువలు 0.71, 0.97, 0.97, 1.08. గుణకం గమ్యం దగ్గరకు వచ్చింది గాని అక్కడ నిలవలేదు, అటూ ఇటూ ఊగుతున్నది. మూడవ చుట్టు ముగిసేసరికి పూర్ణ పద్ధతి 0.79 కి చేరి గమ్యానికి 0.11 దూరంలో ఉంటుంది. రెండవ చుట్టు చివర యాదృచ్ఛిక పద్ధతి నిలిచిన 1.08 కి గల దూరం 0.18.

వేగానికీ ఊగిసలాటకూ ఒకే కారణం

పై సూత్రాన్ని సర్దితే, ప్రతి వరుస చదివినప్పుడు పాత b లో (1 − 0.1x²) వంతు మాత్రమే మిగులుతుందని తెలుస్తుంది. 80, 100 కిలోల మళ్ళ దగ్గర 0.9 వంతు మిగులుతుంది. 60, 120 కిలోల మళ్ళ దగ్గర 0.1 వంతు మాత్రమే మిగులుతుంది. నాలుగింటినీ గుణిస్తే 0.0081. ఒక్క చుట్టులోనే ప్రారంభపు తప్పుడు అంచనాలో 99 శాతానికి పైగా చెరిగిపోతుంది. పూర్ణ పద్ధతిలో అదే సమయానికి సగం మిగిలే ఉంటుంది. యాదృచ్ఛిక పద్ధతి వేగానికి కారణం ఈ మరపే.

అయితే ఈ మరపు తప్పుడు అంచనాకే పరిమితం కాదు. 60 కిలోల మడిని చదివినప్పుడు కొత్త b లో 0.9 వంతు ఆ ఒక్క మడి సూచించే 0.67 నుండే వస్తుంది. మిగతా మూడు మళ్ళు చెప్పినదంతా 0.1 వంతుకు కుదించుకుపోతుంది. అందువల్లనే b ఒక్కసారిగా 1.06 నుండి 0.71 కి పడిపోయింది. గణనను అక్కడ ఆపి సలహా ఇస్తే కిలో నత్రజనికి 7 కిలోల ధాన్యమని చెప్పవలసి వస్తుంది. ఒక వరుస ముందు ఆపితే 10.6 కిలోలు అని చెప్పవలసి వస్తుంది. ఎరువు ఖర్చు గిట్టుబాటవుతుందా లేదా అన్న నిర్ణయం ఈ తేడా మీదనే తారుమారు కావచ్చు.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. రాబిన్స్, మన్రో చూపినట్లు అడుగు నిడివిని క్రమంగా తగ్గించవచ్చు. లేదా అడుగును స్థిరంగా ఉంచి, ప్రారంభ దశను వదిలి, తరువాతి b విలువల సగటు తీయవచ్చు. రెండవ చుట్టులోని నాలుగు విలువల సగటు 0.93. సగటు తీయడంలోని లాభాన్ని పొల్యాక్, యుడిట్స్కీ 1992లో సిద్ధాంతీకరించారు. కనిష్ఠ వర్గాల సమస్యలో స్థిరమైన అడుగుతో కూడా సగటు సరైన గుణకానికి చేరుతుందని, వరుసల సంఖ్యకు తగిన వేగంతో చేరుతుందని బాక్, మూలిన్ 2013లో చూపారు.

ఎంత కచ్చితత్వం అవసరం?

0.93 కీ 0.9 కీ గల తేడాను తొలగించడానికి ఇంకా శ్రమించాలా? మన నాలుగు మళ్ళ శేషాల వర్గాల మొత్తం 1.80, స్వాతంత్ర్య పరిమాణాలు 2. కనుక గుణకపు ప్రామాణిక దోషం సుమారు 0.21. కచ్చితంగా గణించిన 0.9 కే ఇంత అనిశ్చితి ఉన్నప్పుడు 0.03 తేడాకు అర్థం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1945 నాటి వ్యాసంలో, నిష్పాక్షిక అంచనా విస్తృతికి దత్తాంశమే ఒక కనిష్ఠ హద్దును విధిస్తుందని నిరూపించారు. గణనలో ఎన్ని దశాంశాలు సాధించినా ఆ హద్దును దాటలేము.

వరుసలు పెరిగేకొద్దీ ఈ హద్దు కిందికి దిగుతుంది. ఇదే స్వభావం గల 10 లక్షల స్వతంత్ర వరుసలుంటే ప్రామాణిక దోషం 0.0004 కి తగ్గుతుంది. అడుగును 0.1 వద్దనే ఉంచితే ఊగిసలాట మాత్రం తగ్గదు. అడుగును 0.001 కి తగ్గిస్తే ప్రతి వరుసకూ సగటున 0.5 శాతం మరపు జరుగుతుంది. సుమారు 1,000 వరుసలకే ప్రారంభపు అంచనాలో 1 శాతం కన్నా తక్కువ మిగులుతుంది. అప్పటికి పూర్ణ పద్ధతి తన తొలి అడుగు కోసం ఇంకా 9,99,000 వరుసలు చదవవలసి ఉంటుంది. పెద్ద దత్తాంశంపై యాదృచ్ఛిక పద్ధతికి గల అసలు ఆధిక్యం ఇదే. అయినా ఊగిసలాట 0.02 మేరకు మిగిలే ఉంటుంది కనుక, మిగతా వరుసలపై b విలువల సగటు తీసిన తరువాతనే ఫలితాన్ని స్వీకరించాలి. ఒకే మడిలోని పొరుగు చిత్రకణాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. కాబట్టి నిజమైన ప్రామాణిక దోషం 0.0004 కన్నా ఎక్కువగానే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఎదురయ్యే లోపాలు, వాటి గుర్తులు

మొదటిది వరుసల క్రమం. పట్టిక సాధారణంగా గ్రామాలవారీగా పేర్చి ఉంటుంది. కాలువ నీరు బాగా అందే పామర్రు పొలాలతో మొదలై, మచిలీపట్నం వైపు ఉప్పు ప్రభావం గల తీర భూములతో పట్టిక ముగిసిందనుకుందాం. పద్ధతి ఇటీవలి వరుసలనే గుర్తుంచుకుంటుంది కనుక చివరి గుణకం తీర భూములదే అవుతుంది. ప్రతి చుట్టుకు ముందు వరుసలను కలగలపడం తప్పనిసరి. పట్టికను తిరగవేసి చదివినప్పుడు సమాధానం గణనీయంగా మారితే, లోపం క్రమంలోనే ఉందని గ్రహించాలి.

రెండవది కొలమానం. పూర్ణ పద్ధతిలో x వర్గాల సగటు 5 కనుక అడుగు 0.4 కన్నా తక్కువగా ఉంటే చాలు. యాదృచ్ఛిక పద్ధతిలో ఒక్కొక్క వరుస విడిగా పనిచేస్తుంది కనుక, ఏ వరుస దగ్గరా దూరం పెరగకుండా ఉండాలంటే, అతి పెద్ద x అయిన 3 ని బట్టి అడుగు 0.22 లోపు ఉండాలి. నమోదులో 120 బదులు 1200 అని పడితే x విలువ 111 అవుతుంది, ఆ ఒక్క వరుసే b ని వందల రెట్లు విసిరివేస్తుంది. గ్రాఫులో b ఒక్కసారిగా ఎగసిందంటే ముందు ఆ క్షణంలో చదివిన వరుసను పరిశీలించాలి. విచలనాలుగా మార్చకుండా కిలోలనే నేరుగా వాడితే అడుగు 0.0001 స్థాయికి దిగక తప్పదు.

మూడవది అడుగు త్వరగా తగ్గిపోవడం. అప్పుడు b కదలక, గమ్యం చేరినట్లు కనిపిస్తుంది. రెండు వేర్వేరు ప్రారంభ విలువలతో నడిపి చూడాలి. రెండూ ఒకచోటికి రాకపోతే అది చేరడం కాదు, ఆగిపోవడం.

ఏది ఎప్పుడు?

చలరాశులు పదో ఇరవయ్యో అయితే ఈ రెండు పద్ధతులూ అక్కరలేదు. లబ్ధాల మొత్తాలను ఒకే చుట్టులో కూడి సాధారణ సమీకరణాలను సాధిస్తే కచ్చితమైన సమాధానం వస్తుంది. 10 లక్షల వరుసలకైనా అదే తగిన మార్గం. చలరాశులు 5,000 అయితే లబ్ధాల పట్టికకు 2.5 కోట్ల గళ్ళు, దానిని నింపడానికి సుమారు 25 లక్షల కోట్ల గుణకారాలు కావాలి. యాదృచ్ఛిక పద్ధతికి ఒక చుట్టుకు 1,000 కోట్లు చాలు. చలరాశులు వేలల్లో ఉండి, పట్టికను పదేపదే చదవడం భారమై, కావలసిన కచ్చితత్వం ప్రామాణిక దోషం మేరకే అయినప్పుడు యాదృచ్ఛిక పద్ధతి తగినది. వరుసలు తక్కువగా ఉండి, చివరి దశాంశం వరకు కచ్చితత్వం కావలసినచోట పూర్ణ పద్ధతి మేలు.