మెస్‌లో ఒక్క నిమిషం

విద్యార్థి సంఘం ఎన్నికల్లో ఒక అభ్యర్థి ఎంత ఖర్చు పెట్టవచ్చో తెలుసా? 5,000 రూపాయలు. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006లో సూచించిన పరిమితి అది. ఆ సిఫార్సులను అమలు చేయాలని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆదేశించింది. అచ్చు పోస్టర్లు వేయకూడదు, చేత్తో రాసినవే అంటించాలి. ప్రచారానికి మైకులు, వాహనాలు వాడకూడదు. చాలా క్యాంపస్‌లలో ఈ నిబంధనలను గాలికి వదిలేస్తారన్నది నిజమే. కానీ పాటించే చోట అభ్యర్థికి మిగిలే ఆయుధం గొంతు ఒక్కటే.

ఆ గొంతుకు అసలు పరీక్ష పెద్ద సభలో కాదు, హాస్టల్ మెస్‌లో. రాత్రి భోజనాల వేళ అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడి మాట్లాడతారు. కంచాల చప్పుడు, సాంబారు కోసం కేకలు, సగం తిని లేచిపోయేవాళ్లు. ఎవరూ ప్రసంగం వినడానికి అక్కడికి రాలేదు. చేతిలో ముద్ద ఉన్న మనిషి చెవిని నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు అరువు తీసుకోవచ్చు.

ఆ నిమిషంలో ఏం చెప్పాలన్నది తేలాలంటే ముందు ఎవరి కోసం చెబుతున్నామో తేల్చుకోవాలి. నా ఉద్దేశంలో అది మెస్‌లో ఉన్నవాళ్ల కోసం కాదు, రాలేదని గదిలో పడుకున్న రూమ్మేట్ కోసం. విన్నవాడు గదికి వెళ్లి ఒక్క వాక్యంలో తిరిగి చెప్పగలిగితేనే ఆ ప్రసంగం పనిచేసినట్టు. కాబట్టి ఆ వాక్యమేదో ముందే రాసుకుని, మిగతాదంతా దాని చుట్టూ అల్లుకోవాలి.

ఒక ఉదాహరణ రాసి చూద్దాం. యూనివర్సిటీ ఊహించినదే, సమస్య మాత్రం హాస్టల్‌లో ఉన్నవాళ్లందరికీ తెలిసినదే. జనరల్ సెక్రటరీ పదవికి పోటీ చేస్తున్న ఒకమ్మాయి మెస్‌లో ఇలా మాట్లాడుతోంది.

“అన్నలకు, అక్కలకు నమస్తే. రాత్రి తొమ్మిదికి రీడింగ్ హాల్ మూసేస్తున్నారు. తొమ్మిది తర్వాత మనం ఎక్కడ చదువుతున్నాం? మా గదిలో నలుగురం, ఒకటే టేబుల్. ఇద్దరు పడుకుంటారు, ఒకరు ఫోన్‌లో ఉంటారు, నాకేమో తెల్లారితే పరీక్ష. నెట్‌కి చదివే అక్కలు మెట్ల మీద లైటు కింద కూర్చుంటున్నారు. నేను అడిగేది ఒక్కటే. తొమ్మిది కాదు, పన్నెండు. లైబ్రరీ మొత్తం తెరవక్కర్లేదు, రీడింగ్ హాల్ చాలు. ఒక వాచ్‌మన్, పన్నెండింటికి లేడీస్ హాస్టల్ దాకా ఒక బస్సు ట్రిప్పు, అంతే. ఆ ఆర్డర్ ఇచ్చే అధికారం యూనియన్‌కు లేదు, సంతకం రిజిస్ట్రార్ గారు పెట్టాలి. గెలిచిన పదిహేను రోజుల్లో మీ అందరి సంతకాలతో ఆ కాగితం ఆయన టేబుల్ మీద పెడతాను. ఒప్పుకున్నారో లేదో, ఒప్పుకోకపోతే ఎందుకో, నెల తిరిగేలోగా ఇదే మెస్‌లో నిలబడి చెప్తాను. బ్యాలెట్‌లో నాది మూడో నంబరు. తొమ్మిది కాదు, పన్నెండు.”

తాపీగా చదివినా ఇది నిమిషం పైచిలుకే. ఇందులో తిరిగి చెప్పగలిగిన వాక్యం “తొమ్మిది కాదు, పన్నెండు”. రెండే అంకెలు. ఇవాళ ఉన్నదొకటి, రేపు కావలసినదొకటి. అది రెండుసార్లే వచ్చింది, రెండోసారి చిట్టచివర. దాని తర్వాత ధన్యవాదాలు చెప్పినా, జిందాబాద్ కొట్టినా చెవిలో మిగిలేది అవే. అందుకే బ్యాలెట్ నంబరు కూడా దానికి ముందే వచ్చేసింది.

మొదటి వాక్యంలో ఆ అమ్మాయి తన గురించి ఏమీ చెప్పలేదు. పేరు, డిపార్ట్‌మెంటు, పార్టీ, గతంలో చేసిన ఉద్యమాలు అన్నీ చేతికిచ్చే కరపత్రంలో ఉంటాయి. వినేవాళ్ల కష్టంతో మొదలుపెడితే కంచంలోంచి తల పైకి లేస్తుంది. నలుగురు, ఒక టేబుల్ అన్న మాట వినగానే ఎవరి గది వాళ్ల కళ్ల ముందుకు వస్తుంది. “మౌలిక వసతుల కొరత” అంటే ఎవరికీ ఏమీ కనిపించదు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది రిజిస్ట్రార్ సంతకం గురించిన వాక్యం. విద్యార్థి సంఘానికి హాల్ తెరిచే అధికారం ఉండదు, అడిగే అధికారం ఉంటుంది. “పన్నెండు దాకా తెరిపిస్తాను” అంటే చప్పట్లు ఎక్కువే పడతాయి. కానీ సీనియర్లు అలాంటి హామీలు ఏటా విని ఉంటారు. “పెడతాను, వచ్చి చెప్తాను” అన్న రెండు పనులూ ఆమె చేతిలో ఉన్నవే. ఏ హామీ విన్నా “సంతకం ఎవరిది?” అని అడిగి చూడండి. జవాబు లేకపోతే అది గాలిమాట.

ప్రసంగం చెడేది సాధారణంగా ఆశ వల్ల. లైబ్రరీతోపాటు వైఫై, మెస్ బిల్లు, ఫెలోషిప్ ఆలస్యం, బస్సులు, క్రీడా మైదానం అన్నీ చేర్చాలనిపిస్తుంది. అన్నీ నిజమైన సమస్యలే. కానీ పన్నెండు డిమాండ్లు విన్నవాడు గదికి ఒక్కటి కూడా మోసుకెళ్లడు. రెండో ప్రమాదం ప్రాస. లయ కోసం వెతికిన మాట బాగా మోగుతుంది, ఏం అడిగారో మాత్రం గుర్తుండదు. మర్నాడు టిఫిన్ క్యూలో ఎవరినైనా “రాత్రి ఆ అమ్మాయి ఏం చెప్పింది?” అని అడిగిస్తే సంగతి తేలిపోతుంది. “బాగా మాట్లాడింది” అంటే నిమిషం వృథా అయినట్టే. “రీడింగ్ హాల్ పన్నెండు దాకా అంట” అంటే ఆ మాట నడుస్తున్నట్టు.

రాసుకున్నదంతా అయ్యాక ప్రశ్నలు మొదలవుతాయి. ఢిల్లీ జేఎన్‌యూలో ఈ సంప్రదాయం బలంగా ఉంది. అక్కడ అధ్యక్ష అభ్యర్థులు ఒకే వేదికపై మాట్లాడి, ప్రత్యర్థుల ప్రశ్నలకూ ప్రేక్షకుల ప్రశ్నలకూ జవాబు చెప్పాలి. 1993 ఎన్నికల వేళ బిహార్‌లోని సివాన్ నుంచి వచ్చిన చంద్రశేఖర్ ప్రసాద్‌ను ఒకరు నిలదీశారు, వ్యక్తిగత ఆకాంక్షతోనే పోటీ చేస్తున్నావు కదా అని. ఆయన కాదనలేదు. ఔను, నాకు ఆకాంక్ష ఉంది, భగత్ సింగ్‌లా బతకాలని, చే గువేరాలా చావాలని అన్నారు. నిందలోని మాటనే చేతిలోకి తీసుకుని అర్థం మార్చేశారు. బతకడం ఒకవైపు, చావు ఒకవైపు, రెండు వైపులా అందరికీ తెలిసిన పేర్లు. విన్నవాడికి కాగితం అక్కర్లేదు. తర్వాత ఆయన రెండుసార్లు సంఘం అధ్యక్షుడయ్యారు. 1997 మార్చి 31న సివాన్‌లో కాల్చి చంపారు. ఆ జవాబు ఇవాళ్టికీ క్యాంపస్‌లలో వినిపిస్తుంది.

మన అభ్యర్థిని అంత పెద్ద ప్రశ్న అడగరు. “వాచ్‌మన్ జీతం ఎవరిస్తారు?” అని అడుగుతారు. “రిజిస్ట్రార్ ఒప్పుకోకపోతే ఏం చేస్తావ్?” అంటారు. వీటికి ప్రసంగంకన్నా ఎక్కువ సాధన కావాలి. లైబ్రరీలో ఇప్పుడు ఎన్ని షిఫ్టులున్నాయి, పరీక్షల నెలలో గతంలో ఎప్పుడైనా వేళలు పెంచారా, చివరి బస్సు ఎన్నింటికి అన్నవి ముందే కనుక్కుని రావాలి. వేరే ఊరి యూనివర్సిటీ కథ చెప్పే బదులు, మన దగ్గరే కిందటి పరీక్షలప్పుడు పదకొండు దాకా తెరిచారని చూపించగలిగితే అడిగినవాడే ఒప్పుకుంటాడు. తెలియనిది ఎదురైతే “రేపు సాయంత్రానికి కనుక్కుని ఈ బోర్డు మీద రాస్తాను” అని, రాయాలి. మెస్‌లో అబద్ధం రెండు పూటలకు మించి నిలవదు, అడిగినవాడు మర్నాడూ అక్కడే భోంచేస్తాడు.

అంకె చెప్పిన అభ్యర్థికి అంకె కాపలా కూడా కాస్తుంది. తేదీ గడిచినా కాగితం కదలకపోతే ప్రత్యర్థులు కొత్త నినాదం వెతుక్కోనక్కర్లేదు. వచ్చే ఏడాది అదే మెస్‌లో నిలబడి “ఇంకా తొమ్మిదే” అంటే చాలు.